సీవీ మీద ఫోన్ నంబరు: ఏ కాపీలో ఉండాలి, ఎలా రాయాలి

మన దగ్గర ఉద్యోగం కబురు ముందు ఫోన్లోనే వస్తుంది. మెయిల్ తర్వాత వస్తుంది, కొన్నిసార్లు రాదు కూడా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక కంపెనీకి మనుషులు కావాలంటే హెచ్‌ఆర్‌లో కూర్చున్నవారు సీవీల జాబితా ముందు పెట్టుకుని పైనుంచి కిందికి వరసగా ఫోన్లు చేస్తూ పోతారు. ఎత్తినవారితో రెండు నిమిషాలు మాట్లాడి, ఇంటర్వ్యూ ఎప్పుడో చెప్పి, చిరునామా వాట్సాప్‌లో పంపేస్తారు. కాబట్టి నేరుగా కంపెనీకి పంపే సీవీలో ఫోన్ నంబరు ఉండి తీరాలి. పంపే కాపీ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

అయితే సీవీ అంటే ఇప్పుడు ఒక్క కాగితం కాదు. ఒకే ఫైలును కంపెనీకి మెయిల్ చేస్తాం, జాబ్ పోర్టల్‌లో పెడతాం, లింక్డ్‌ఇన్‌లో అతికిస్తాం, ఎవరో తెలిసినాయన అడిగితే వాట్సాప్ గ్రూపులో వేస్తాం. మొదటి చోట దాన్ని చూసేది ఒకరిద్దరు. చివరి చోట ఎవరు చూస్తారో చెప్పలేం. ఆ రెండింటిలోనూ ఒకే నంబరు, ఒకే తీరున ఉండటం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

మన దేశంలో మొబైల్ నంబరు మాట్లాడుకోవడానికి మాత్రమే కాదు. బ్యాంకు ఖాతా, యూపీఐ, ఆధార్ ఓటీపీ అన్నీ దాని మీదే నడుస్తాయి. పేమెంట్ యాప్‌లో ఎవరి నంబరు కొట్టినా, దానికి యూపీఐ ఉంటే బ్యాంకులో ఉన్న పేరు తెర మీద కనిపిస్తుంది. పైగా మన సీవీలకు పాత బయోడేటా అలవాటు ఇంకా పోలేదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, డోర్ నంబరుతో సహా శాశ్వత చిరునామా రాసి, చివర డిక్లరేషన్, దాని కింద సంతకం పెడతాం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు మనం మనమేనని తేల్చుకోవడానికి వాళ్లు అడిగేవి దాదాపు ఇవే. అన్నీ ఒకే పేజీలో, నంబరు పక్కనే పెట్టి ముక్కూమొహం తెలియనివారికి ఇవ్వడం నాకు నిజంగా భయం కలిగించే విషయం. కంపెనీకి ముందుగా కావలసింది పేరు, ఊరు, ఫోన్, మెయిల్ మాత్రమే. మిగతావి ఉద్యోగం ఖాయమయ్యాక వాళ్ల ఫారంలో ఎలాగూ నింపుతాం.

ఈ వివరాలు చేతిలో పడ్డ మోసగాడు ఎలా మాట్లాడతాడో చూడండి. “మీరు ఫలానా కాలేజీలో బీకాం చేశారు కదా, 72 శాతం, ట్యాలీ వచ్చు” అని మొదలుపెడతాడు. ఇంత తెలిసినవాడు కంపెనీ మనిషే అయి ఉంటాడని వినేవారు అనుకుంటారు. అతను చదువుతున్నది మన సీవీయే. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజనో, తిరిగి ఇచ్చేసే డిపాజిట్ అనో, ల్యాప్‌టాప్ పంపడానికనో కొంత డబ్బు అడుగుతాడు. లేదంటే వెరిఫికేషన్ అంటూ ఓటీపీ చెప్పమంటాడు. ఈ రెండింటిలో ఏది అడిగినా అక్కడితో ఫోన్ పెట్టేయాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు పోకుండానే బయటపడితే ఆ కాల్ గురించి కేంద్రం నడిపే సంచార్ సాథీ సైటులో ‘చక్షు’ అనే విభాగంలో ఫిర్యాదు పెట్టవచ్చు.

అందుకని నేను చెప్పే పద్ధతి ఇది. సీవీకి రెండు కాపీలు ఉండాలి, రెండు సిమ్‌లు ఉండాలి. చాలామంది ఫోన్లలో రెండు సిమ్‌లకు చోటు ఉంటుంది కాబట్టి ఇది పెద్ద ఖర్చేమీ కాదు. బ్యాంకుకూ ఆధార్‌కూ కట్టిన సిమ్ సీవీ మీదికి ఎక్కకూడదు. రెండో సిమ్ ఉద్యోగ వేటకు. కంపెనీకి పంపే కాపీలో ఆ రెండో నంబరు ఉంటుంది. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టే కాపీలో ఏ నంబరూ ఉండదు, మెయిల్ ఐడీ మాత్రమే ఉంటుంది. జాబ్ పోర్టల్‌లో ఫైలు వేరు, ప్రొఫైల్‌లో నంబరు అడిగే గడి వేరు. పోర్టల్‌కు రెండో నంబరును ఆ గడిలో ఇస్తే చాలు.

రెండో సిమ్‌తో ఒక ప్రమాదం ఉంది. రీచార్జ్ గడువు దాటితే కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకపోతే టెలికాం కంపెనీ ఆ నంబరునే తీసేయవచ్చు, ఆ తర్వాత కొంతకాలానికి అది ఇంకొకరికి వెళ్తుంది. సీవీ పంపిన ఆరు వారాలకు వచ్చే ఫోన్లు ఉంటాయి. అంతవరకు ఆ సిమ్ బతికి ఉండాలి. వాట్సాప్ కూడా ఆ నంబరు మీదే తెరవాలి, ఎందుకంటే ఇంటర్వ్యూ జరిగే చోటు, సమయం వచ్చేది అందులోనే.

ఇక రాసే తీరు. దీనికి అంతర్జాతీయ టెలికాం సంఘం ఎప్పుడో పద్ధతులు పెట్టింది. ముందు ప్లస్ గుర్తు, దేశం కోడ్, ఖాళీ, తర్వాత నంబరు. మొత్తం అంకెలు 15 దాటకూడదు. మన మొబైల్‌కు 91తో కలిపి 12 వస్తాయి. ఇక్కడ ఉదాహరణకు నేను 1తో మొదలయ్యే నంబరు రాస్తాను. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కనుక ఇది ఎవరి ఫోనూ కాదు.

```
+91 12345 67890
```

ఐదు, ఐదుగా విడగొట్టింది చదివేవారి కోసం. మనం నోటితో నంబరు చెప్పేటప్పుడు కూడా చాలామందిమి అలాగే చెబుతాం. పది అంకెలూ కలిపి రాస్తే మధ్యలో రెండు సున్నాలు పక్కపక్కన ఉన్నచోట కన్ను తడబడుతుంది. 91కీ నంబరుకూ మధ్య సున్నా పెట్టకూడదు, బ్రాకెట్లలో కూడా వద్దు. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్నది 2021 జనవరి నుంచి ఉన్న నియమమే. కానీ అది కొట్టేవారి పని, రాసేవారి పని కాదు. +91 తర్వాత సున్నా ఉన్నదాన్ని ఉన్నట్టుగా కొడితే ఫోన్ కలవదు. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ ఇవ్వాల్సి వచ్చినా ఇదే లెక్క. 040లో ముందున్న సున్నా పోయి +91 40 అవుతుంది, దాని వెనక ఎనిమిది అంకెలు.

దేశం కోడ్ ఇక్కడి ఉద్యోగానికి ఎందుకని అడగవచ్చు. హైదరాబాద్ కంపెనీకి మనుషులను వెతికిపెట్టే ఏజెంటు దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉండవచ్చు. కోడ్ ఉంటే అక్కడి ఫోన్లోనూ అదే నంబరు కలుస్తుంది, ఇక్కడా కలుస్తుంది. అమెరికాలో చదువుకుంటూ అక్కడే ఉద్యోగం వెతుకుతున్న మన పిల్లల సంగతి వేరు. వాళ్లు అక్కడి పది అంకెల స్థానిక నంబరే రాయాలి. అమెరికా కంపెనీకి పంపే సీవీ మీద +91 కనిపిస్తే అవతలివారు మనిషి ఇంకా ఇండియాలోనే ఉన్నాడనుకునే అవకాశం ఉంది.

ఇప్పుడు గుంటూరులో బీకాం పూర్తిచేసిన ఒక అమ్మాయి సీవీ తీసుకుందాం. నెట్‌లో దొరికిన అందమైన టెంప్లేట్‌లో చేసింది. పేజీ పైన రంగు పట్టీ, అందులో చిన్న ఫోన్ బొమ్మ, దాని పక్కన నంబరు. చూడ్డానికి బాగుంది. కానీ ఆ పట్టీ వర్డ్‌లో హెడర్ భాగంలో ఉంది. కంపెనీలు సీవీని ముందుగా సాఫ్ట్‌వేర్‌తో చదివించి, పేరు, నంబరు, మెయిల్ విడదీసి గడుల్లో నింపుకుంటాయి. వాటిలో కొన్ని హెడర్‌లో ఉన్నదాన్నీ, టెక్స్ట్ బాక్సులో ఉన్నదాన్నీ చదవవు. ఆమె చదువు, మార్కులు అన్నీ గడుల్లోకి చేరాయి, ఫోన్ గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. సీవీని ఫొటో తీసి పంపేవారికైతే అన్ని గడులూ ఖాళీగా మిగిలే ప్రమాదం ఉంది.

ఆమె హెడర్ తీసేసి, పేరు కింద మామూలు వరుసలో నంబరు టైపు చేసింది. ఈసారి ఖాళీలు లేకుండా ప్లస్ గుర్తుతో కలిపి రాసింది. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో అందరి నంబర్లూ ఎక్సెల్ షీటులోకి ఎక్కిస్తారు. అక్కడ అతికించగానే ఎక్సెల్ దాన్ని ఫోన్ నంబరు అనుకోదు, ఒక పెద్ద సంఖ్య అనుకుంటుంది. ప్లస్ పోతుంది, 12 అంకెలు కాబట్టి గడిలో ఇలా కనిపిస్తుంది:

```
9.11235E+11
```

అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి, గడి మీద క్లిక్ చేస్తే కనిపిస్తాయి. కానీ ఆ జాబితాను ప్రింటు తీసి కంపెనీవారి చేతికిస్తే, కాగితం మీద క్లిక్ చేయలేం కదా. మధ్యలో ఖాళీలు ఉన్న నంబరును మాత్రం ఎక్సెల్ సంఖ్యగా తీసుకోదు, రాసింది రాసినట్టే ఉంచుతుంది. ఐదు, ఐదు పద్ధతి ఇక్కడా ఆదుకుంటుంది.

మూడోసారి ఆమె సీవీలో నంబరు ఇలా ఉంది: పేరు కింద వేరే వరుసలో, ముందు బొమ్మకు బదులు ‘Mobile:’ అన్న మాట, తర్వాత ప్లస్, 91, ఖాళీ, ఐదు, ఖాళీ, ఐదు. మెయిల్ ఐడీ దాని కింది వరుసలో. రెండూ ఒకే వరుసలో ఇరికిస్తే ఫాంట్ మారినప్పుడు నంబరు సగం పైవరుసలో, సగం కిందివరుసలో పడుతుంది.

పంపేముందు ఆమె రెండు పరీక్షలు చేసింది. పీడీఎఫ్ తెరిచి నంబరును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించింది. అంకెలు సరిగా వస్తే సాఫ్ట్‌వేర్‌కూ అవి అందుతాయని చాలావరకు నమ్మవచ్చు. రెండోది, ఫైలును తమ్ముడి ఫోన్‌కు పంపి, “ఇందులో ఉన్న నంబరుకు ఫోన్ చేయరా” అంది. అతని దగ్గర సేవ్ అయి ఉన్న నంబరు కాకుండా సీవీలో ఉన్నదే చూసి కొట్టాలి. మన నంబరు మనమే సరిచూసుకుంటే కన్ను కాగితం మీద ఉన్నా నోరు జ్ఞాపకం నుంచి చదువుతుంది. ఒక అంకె తప్పు పడ్డా పట్టుకోలేం.

ఇంటర్నెట్‌లో పెట్టే కాపీ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. పీడీఎఫ్‌లో నంబరు మీద నల్ల పట్టీ గీసి, దాచేశామనుకుంటారు. మామూలుగా గీసిన పట్టీ కింద అక్షరాలు అలాగే ఉంటాయి. ఆ భాగాన్ని కాపీ చేస్తే నంబరు బయటికి వచ్చేస్తుంది. వర్డ్ ఫైలులోనే నంబరు వరుస తొలగించి, మళ్లీ కొత్తగా పీడీఎఫ్ చేసుకోవాలి. ఫైలు పేరులో కూడా నంబరు ఉండకూడదు.

ఉద్యోగం వచ్చాక పోర్టల్‌లో ప్రొఫైల్‌ను ఎవరికీ కనిపించకుండా మార్చుకోవచ్చు, ఆ సెట్టింగ్ సాధారణంగా ఉంటుంది. అంతకుముందే ఎవరెవరో దించుకున్న సీవీలు మాత్రం వాళ్ల దగ్గరే ఉంటాయి, ఫోన్లు ఇంకొన్ని నెలలు వస్తూనే ఉంటాయి. అవి వచ్చేది రెండో సిమ్‌కే కాబట్టి, కొత్త ఉద్యోగంలో కుదురుకున్నాక ఆ సిమ్ ఉంచుకోవాలో వదిలేయాలో నింపాదిగా తేల్చుకోవచ్చు. వదిలేసేముందు ఆ నంబరు మీదున్న వాట్సాప్ ఖాతాను తీసేసి, పోర్టళ్లలో, మెయిల్ రికవరీలో దాని బదులు వేరే నంబరు పెట్టాలి. లేకపోతే రేపు ఆ నంబరు తీసుకున్న కొత్త మనిషికి మన ఓటీపీలు వెళ్తాయి.