ధర తచ్చాడే చోటు, జారిపోయే చోటు

వాల్యూమ్ ప్రొఫైల్ చార్టు పక్కన అడ్డంగా ఉండి, ఏ ధర దగ్గర ఎన్ని షేర్లు చేతులు మారాయో చూపిస్తుంది. ఉదాహరణకు ఒక షేరుకు 500 దగ్గర, 530 దగ్గర పొడవాటి దిమ్మెలున్నాయి. మధ్యలో 508 నుంచి 524 దాకా సన్నటి ఖాళీ. దిమ్మెల్లో బేరాలు దండిగా జరిగాయి కాబట్టి ధర అక్కడ తచ్చాడుతుంది. ఖాళీలో అడ్డుపడేవాళ్లు తక్కువ, సాధారణంగా చకచకా దాటేస్తుంది.

ధర 508 పైన నిలబడ్డాక 509కి కొన్నామనుకోండి. లక్ష్యం 530 కాదు, ఆ దిమ్మె అంచు 524. అక్కడే అమ్మకాలు మొదలవుతాయి. 504కి జారి మళ్లీ పాత దిమ్మెలో పడితే అంచనా తప్పినట్టే, బయటపడాలి. 5 రూపాయల నష్టానికి 15 లాభం. ఖాళీ మధ్యలో 517కి ఎగబడితే 13 నష్టానికి దక్కేది 7.

అన్నట్టు, నిఫ్టీ సూచీని నేరుగా కొనలేం, అమ్మలేం. దానికి ఫ్యూచర్స్ వాల్యూమే చూడాలి. కంపెనీ ఫలితాలొచ్చిన రోజున పాత దిమ్మెలు ధరను ఆపుతాయని నమ్మలేం.