పోటీకి చిన్ననాటి జ్ఞాపకం రాయాలంటే

బడిలో వ్యాసరచన పోటీ అనగానే పిల్లల చేతికి అలవాటైన అచ్చు ఒకటుంది. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. కాలుష్యం మీదో, పొదుపు మీదో రాయడానికి అది పనికొస్తుంది. 'నా చిన్ననాటి జ్ఞాపకం' అని అంశం ఇచ్చినప్పుడూ అందులోనే పోస్తే మాత్రం "బాల్యం ఎంతో మధురమైనది" అని మొదలై, అమ్మమ్మ ఊరు, మామిడితోట, చెరువులో ఈత, వెన్నెల్లో కథలు వరసగా వచ్చి వెళ్లిపోతాయి. పేర్లు తీసేసి కాగితాలు కలిపేస్తే ఏది ఎవరిదో రాసినవాళ్లే పోల్చుకోలేరు.

ఇక్కడ అడుగుతున్నది వ్యాసం కాదు, కథనం. ఒక పిల్లకి, ఒక రోజు, ఒక చోట ఏం జరిగిందో చెప్పాలి. చదివేవాళ్లు ఆ చోట నిలబడినట్టు ఉండాలి. అందుకు కన్ను, ముక్కు, చెవి, నాలుక, చర్మం పట్టుకున్న సంగతులు కావాలి. అవి కథలోకి ఎలా వస్తాయో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు పిండిమర గురించి రాస్తోందనుకోండి. పరిమితి 400 మాటలు. మొదటి చిత్తు దాదాపు ఇలాగే ఉంటుంది:

"చిన్నప్పుడు నేను పిండిమరకు వెళ్లేదాన్ని. అక్కడ చాలా సందడిగా ఉండేది. పెద్ద శబ్దం వచ్చేది. ఘుమఘుమలాడే పిండి వాసన వచ్చేది. ఆ రోజులు మరువలేనివి."

ఇందులో అబద్ధం లేదు. శబ్దం ఉంది, వాసనా ఉంది. అయినా ఏమీ కనబడదు, వినబడదు. కారణం క్రియల్లో ఉంది. వెళ్లేదాన్ని, ఉండేది, వచ్చేది అన్నంతసేపూ కథ ఏ రోజు మీదా వాలదు. వంద రోజుల్ని కలిపి చెప్పేటప్పుడు ఏ రోజుకి ఆ రోజున్న ప్రత్యేకత పోతుంది. అందుకే మొదటి పని 'వెళ్లేదాన్ని' కొట్టేసి 'వెళ్లాను' అని రాయడం. అలా రాయగానే ప్రశ్న దానంతటదే లేస్తుంది: ఎప్పుడు? ఆ రోజే ఎందుకు గుర్తుంది?

ఆ అమ్మాయికి గుర్తున్నది మిరపకాయల రోజు. ఊళ్లో ఒకే ఒక మర. గోధుమలు పట్టించుకురమ్మని నానమ్మ పంపింది. మిరపకాయలు ఆడించిన వెంటనే ఎవరూ తమ గింజలు పోయించరు. రాళ్లకు అంటుకున్న కారం తర్వాతి పిండిలో కలుస్తుంది కాబట్టి. ఆ పిల్ల పోయించేసింది. రాత్రి చపాతీలు మండిపోయాయి. జరిగింది ఇంతే. 400 మాటలకు ఇంత చిన్న సంఘటనే సరిపోతుంది.

ఇప్పుడు చిత్తుకాగితం మీద ఐదు వరుసలు గీసి, ఒక్కో ఇంద్రియానికి గుర్తున్నది ముక్కలు ముక్కలుగా రాసుకోవాలి. కంటిని చివరికి ఉంచమంటాను. చూసినవి ముందు రాయడం మొదలెడితే కాగితం వాటితోనే నిండిపోతుంది. ముక్కుతో మొదలుపెట్టడం మేలు. వాసన సంకేతాలు మెదడులో భావోద్వేగాలు, జ్ఞాపకాలు చూసుకునే భాగాలకు దాదాపు నేరుగా చేరతాయి. మిగతా ఇంద్రియాల సంకేతాలు ముందు థాలమస్ అనే మజిలీ దాటి వెళ్లాలి. ఒక పాత వాసన తగిలితే చిన్నప్పటి చోటు మొత్తం లేచి రావడానికి ఇదొక కారణం. పోటీకి నాలుగు రోజులు గడువుంటే ఒకసారి మరకు వెళ్లి నిలబడటం కన్నా మంచి సాధన లేదు.

అమ్మాయి జాబితా ఇలా వచ్చింది. ముక్కు: మిరప ఘాటు, వరసలో అందరికీ తుమ్ములు. చెవి: బెల్టు పటపటలు, గింజలు అయిపోవచ్చినప్పుడు మారిపోయే రాళ్ల చప్పుడు. చర్మం: అప్పుడే పట్టిన పిండి వేడి. నాలుక: చపాతీ మంట. కన్ను: మర నడిపే ఆయన రెప్పల మీద పిండి, తాతయ్య ముక్కు మీద చెమట.

తర్వాత రాసిన చిత్తు ఇది:

"నా ముందు ఒకామె మిరపకాయలు పోయించింది. గొంతులో గరగర. ఒకరి తర్వాత ఒకరం తుమ్ముతున్నాం. 'మిరపకాయల వెనకాల మాత్రం పోయించకమ్మా' అని నానమ్మ చెప్పిన మాట ఆ తుమ్ముల్లో ఎటో పోయింది. మర ఆయన నావైపు వేలు చూపించాడు. సంచీ ఇచ్చేశాను. ఇంటికొస్తుంటే పిండి సంచీ పొట్టకు వెచ్చగా తగిలింది. గట్టిగా హత్తుకుని నడిచాను. రాత్రి మొదటి ముక్కకే తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. తాతయ్య ఒక్క మాట అనలేదు. మజ్జిగ గ్లాసు దగ్గరకు జరుపుకుని మూడు చపాతీలూ తిన్నాడు. ముక్కు మీద చెమట పట్టింది."

జాబితాలో సగం ఇందులోకి రాలేదు. బెల్టు చప్పుడు పోయింది, రెప్పల మీద పిండీ పోయింది. అవి బాగాలేక కాదు, ఇక్కడ వాటికి పని లేక. నిలిచినవాటికి పని ఉంది. ఘాటు వల్లే పిల్ల మాట మరిచిపోయింది. సంచీ వెచ్చదనం హాయిగా ఉంది కాబట్టే రాత్రి ఏం జరగబోతోందో తెలియక దాన్ని హత్తుకుంది. చెమట చూస్తే తాతయ్యకూ మండిందని తెలుస్తుంది, ఎందుకు తిన్నాడో కూడా తెలుస్తుంది. "తాతయ్యకు నేనంటే ప్రాణం" అన్న వాక్యం ఇక అక్కర్లేదు. పరీక్ష సులువే. ఆ వివరం మీద వేలు పెట్టి మూసి చదవండి. కథ ఎక్కడా తడబడకపోతే దాన్ని తీసేయొచ్చు.

ఈ కిటుకు తెలిసిన పిల్లలు ఇంకో చిక్కులో పడుతుంటారు. ప్రతి వాక్యంలోనూ ఒక వాసన, ఒక రంగు, ఒక చప్పుడు కుక్కుతారు. ఘుమఘుమలు, గలగలలు, మధుర పరిమళాలు గుంపుగా దిగుతాయి. అవి ఎవరి ముక్కుకూ చెందని మాటలు. ఘుమఘుమ అని రాసిన ప్రతిచోటా 'దేని వాసన?' అని అడిగి, జవాబునే రాయాలి.

ఇంటి మాట గురించీ చెప్పాలి. పోటీ అనగానే నానమ్మ చేత కూడా పుస్తకాల భాష మాట్లాడిస్తారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాటలోనే తన చిన్నతనం రాశారు. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు జిల్లా ఇళ్ల మాటలో నడుస్తాయి. వాళ్ల మనుషులు మనకు వినబడతారంటే అది అందువల్లే. మీ ఇంట్లో మరను గిర్నీ అంటే గిర్నీ అనే రాయండి.

గుర్తులేనిది కల్పించొద్దు. ఆ రోజు ఎండో వానో తెలియకపోతే దాని ఊసే వద్దు. నానమ్మని అడిగితే కొన్ని దొరుకుతాయి. "ఆ పిండి పారబోయలేదే, రెండు రోజులు అదే తిన్నాం" అని ఆమె అంటే, పిల్లకు తెలియని ఆ ఒక్క ముక్క మొత్తం కథనే మార్చేయొచ్చు.

మాటల పంపకంలో మరొక పొరపాటు జరుగుతుంది. బయల్దేరడం, దారి, ఊరి వర్ణనకే 200 మాటలు అయిపోయి, చపాతీల దగ్గరకొచ్చేసరికి చోటు ఉండదు. వరసలో నిలబడ్డప్పుడే మొదలుపెట్టి, అక్కడ 150, దారికి 50, భోజనానికి మిగిలిన 200 ఇవ్వండి. చివర "ఈ సంఘటన నాకు నేర్పిన పాఠం" అని చెయ్యి దానంతటదే రాయబోతుంది. తాతయ్య చెమట దగ్గరే ఆపేసి, ఆ మాటల్ని తమ్ముడి ఏడుపుకో నానమ్మ మాటకో వాడండి.