స్లాబులో ఇనుము ఎక్కడుండాలి?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకోవడం, ఇనుము తూకం దగ్గర నిలబడి చూసుకోవడం మనలో చాలామందికి అలవాటే. కాని లెక్కా, తూకమూ రెండూ సరిపోయినా పని చెడిపోవచ్చు. మా ఆడపడుచుగారి ఇంట్లో అదే జరిగింది. మేడమీద గది ముందు నాలుగడుగుల బాల్కనీ పోశారు. పదిహేను రోజులపాటు తడిపారు. కింది ఆపులు తీసేస్తే నిక్షేపంగా నిలిచింది. తరవాత దాని అంచున మూడడుగుల పిట్టగోడ కట్టారు. మర్నాడు మధ్యాహ్నం బాల్కనీ గది గోడ దగ్గర విరిగి కిందికి వేలాడింది. అరగంట ముందు వరకూ కూలి తల్లి ఒకామె దానికింద నీడలో పిల్లవాణ్ణి పడుకోబెట్టుకుని వుందట. పిల్లవాడు ఏడిస్తే ఎత్తుకుని అవతలికి వెళ్లింది.

మేస్త్రీని పిలిపించి అడిగితే, "నేను ఇనుము తగ్గించానేమో మీరే లెక్కపెట్టుకోండమ్మా" అన్నాడు. మా ఆడపడుచు నిజంగానే లెక్కపెట్టింది. ఒక్క ఊచ కూడా తగ్గలేదు. అన్నీ వున్నాయి. కాని అన్నీ స్లాబు అడుగున వున్నాయి. బాల్కనీలో అవి వుండవలసింది పైన!

"పైనుంటేనేం, కిందుంటేనేం వదినా? ఇనుము ఇనుమేగా!" అంది ఆవిడ. పాలిటెక్నిక్‌లో ఏటా ఈ పాఠమే చెప్పేదాన్ని గనక, ఆవిడకు చెప్పిన సమాధానమే ఈవేళ మీకూ చెబుతాను.

ముందుగా పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ఒకటి తీసుకోండి. దాని పక్కమీద దగ్గర దగ్గరగా నిలువు గీతలు గీయండి. రెండు చివర్లా కింద వేళ్లు ఆనించి, నడుమ పైనుంచి బొటనవేలితో నొక్కండి. పైవైపు గీతలు దగ్గరకు జరుగుతాయి. కిందివైపు గీతలు ఎడంగా పోతాయి. అంటే పైభాగం నలుగుతోంది, కిందిభాగం సాగుతోంది అన్నమాట. బరువు మోసే ప్రతి దూలంలోనూ, ప్రతి స్లాబులోనూ జరిగేది ఇదే. మన కంటికి కనబడదు, అంతే.

కాంక్రీటు అంటే సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు కలిసి గట్టిపడిన రాయి. రాయి గుణమే దానికీ వచ్చింది. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోలేదు. మన ఇళ్లకు వాడే మామూలు కాంక్రీటు చదరపు సెంటీమీటరుకు 200 కిలోల దాకా నొక్కుడు భరిస్తుంది. లాగుడైతే అందులో పదోవంతుకే చిట్లుతుంది. హనుమకొండలోని వేయిస్తంభాల గుడిలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయో ఇప్పుడు ఊహించుకోవచ్చు. రాతి దూలాన్ని ఎక్కువ దూరం వేస్తే, దాని కిందివైపు లాగుడుకు ఓర్వలేక విరుగుతుంది. అందుకని అడుగడుక్కీ స్తంభం పెట్టవలసిందే. మన తాతల నాటి మిద్దెలు టేకు దూలాలమీద నిలబడ్డాయి గనక, దూలం ఎంత పొడుగు దొరికితే గది అంత వెడల్పు.

ఇక ఇనుము సంగతి. అది లాగుడుకు గట్టిది. కాంక్రీటు ఎక్కడ సాగుతుందో అక్కడ ఇనుప ఊచలు పెడితే, నొక్కుడు కాంక్రీటు మోస్తుంది, లాగుడు ఇనుము మోస్తుంది. సంసారంలో పనులు పంచుకున్నట్టే. కాని ఈ పొత్తు కుదరడానికి మూడు సంగతులు కలిసి వచ్చాయి.

మొదటిది పట్టు. కాంక్రీటు గట్టిపడేటప్పుడు ఊచను అంటిపెట్టుకుంటుంది. ఇప్పటి ఊచలమీద గట్లు గట్లుగా వుండేది అందుకే. నున్నగా వుంటే లాగినప్పుడు జారిపోవచ్చు. ఊచ జారితే అది లోపల వున్నా లేనట్టే లెక్క.

రెండోది ఎండ. పది మీటర్ల స్లాబు ముప్ఫయి డిగ్రీలు వేడెక్కితే ఇనుమూ, కాంక్రీటూ రెండూ ఇంచుమించు మూడు మిల్లీమీటర్లే పెరుగుతాయి. ఇనుము బదులు అల్యూమినియం ఊచలు పెట్టామనుకోండి, అవి దాదాపు ఏడు మిల్లీమీటర్లు పెరిగి, ఒకటి రెండు వేసవులకే కాంక్రీటు నుంచి విడిపోయేవి. ఇనుమూ కాంక్రీటూ ఇలా సరిజోడు కావడం మన ఏర్పాటు కాదు, ప్రకృతిలో అలా కుదిరింది.

మూడోది తుప్పు. సిమెంటులో సున్నం గుణం వుంది. ఆ గుణం వున్నంతకాలం లోపలి ఇనుముకు తుప్పు పట్టదు. అయితే ఊచకు నాలుగు వైపులా చాలినంత కాంక్రీటు కప్పి వుండాలి. స్లాబులో కనీసం 20 మిల్లీమీటర్లు, స్తంభంలో 40. ఊచల కింద చిన్న చిన్న సిమెంటు బిళ్లలు పెట్టేది ఇందుకోసమే. కప్పు పలచనైతే గాలీ, తేమా లోపలికి పోయి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనక కాంక్రీటును లోపలినుంచి తోసి పెచ్చులూడగొడుతుంది.

ఇనుము ఎక్కడ పెట్టాలన్నది పెద్దవాళ్లకు కూడా మొదట్లో తెలియలేదు సుమండీ! పారిస్‌లో జోసెఫ్ మోనియే అనే తోటమాలి వుండేవాడు. మొక్కలు పెంచే తొట్లు పగిలిపోకుండా సిమెంటులో ఇనుప తీగల వల పెట్టి పోశాడు. 1867లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తరవాత అదే పద్ధతిలో తొట్టెలూ, గొట్టాలూ చేశాడు. 1875లో ఫ్రాన్సులోని షాజెలే అనే చోట ఓ చిన్న వంతెన కూడా కట్టాడు. కాని ఆయనకు ఇనుము ఆకారం నిలబెట్టేదిగానే తోచింది. పలకలో దాన్ని నట్టనడుమ పెట్టేవాడు. రబ్బరును మళ్లీ చూడండి. నట్టనడుమ గీతలు దగ్గరకూ రావు, ఎడంగానూ పోవు. అక్కడ లాగుడే లేదు. అక్కడ పెట్టిన ఇనుముకు పనేముంది? జర్మనీలో మథియాస్ కోనెన్ అనే ఇంజనీరు 1886లో లెక్కలు కట్టి, ఇనుము వుండవలసింది సాగే వైపున అని చూపించాడు.

ఆ తరవాత ఫ్రాంస్వా హెనెబిక్ అనే ఫ్రెంచి కాంట్రాక్టరు 1892లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇప్పటికీ మన మేస్త్రీల చేతుల్లో వుంది. దూలం నడుమ ఊచలు అడుగున వుంటాయి. ఆనుకున్న చోటికి వచ్చేసరికి కొన్ని ఊచలను వంచి పైకి తీసుకుపోతారు. ఎందుకంటే దూలం స్తంభం మీదుగా అవతలికి సాగిపోయేచోట లాగుడు పైకి మారుతుంది. ఊచలన్నిటినీ చుట్టి పట్టుకునే రింగులు వేరే. స్తంభం, దూలం, స్లాబు అన్నీ కలిపి పోస్తే ఒకే రాయిలా నిలుస్తాయి.

దీనితో కట్టడాల తీరే మారింది. గోడలు బరువు మోయవలసిన పని తప్పింది, స్తంభాలే మోస్తాయి. గోడ వట్టి తెర అయింది. ఎక్కడ కావలిస్తే అక్కడ కిటికీ పెట్టుకోవచ్చు. 1903లో అమెరికాలోని సిన్సినాటిలో పదహారు అంతస్తుల ఇంగల్స్ భవనాన్ని ఇలాగే లేపారు. చెక్కలు తీయగానే కూలుతుందని అన్నవాళ్లు వున్నారు. అది కూలలేదు. వంతెనల సంగతీ అంతే. 1900 నాటికి ఫ్రాన్సులోని షాతెల్లెరోలో హెనెబిక్ కట్టిన వంతెన నడిమి కమాను 50 మీటర్లు. మన రాజమండ్రిలో గోదావరి మీద 1900లో పూర్తయిన హేవ్‌లాక్ వంతెనకు రాతి స్తంభాలు, వాటిమీద ఇనుప గర్డర్లు. 1997లో దానిమీద రైళ్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే పక్కన కాంక్రీటు కమాన్ల వంతెన లేచింది. అందులో ఉక్కుతీగలను ముందే లాగి బిగించి పెడతారు. మోనియే తొట్టికి అది మనవరాలి వరస.

ఇక మా ఆడపడుచుగారి బాల్కనీకి వద్దాం. గది స్లాబుకు నాలుగు వైపులా గోడల ఆనువుంది. కనుక నడుమ కిందివైపు సాగుతుంది. అక్కడ ఇనుము కింద వుండాలి. బాల్కనీకి ఒకవైపే ఆను. రెండోవైపు గాలిలో వుంది. రబ్బరు ఒక చివర బల్లమీద అదిమిపట్టి, రెండో చివర కిందికి నొక్కి చూడండి. ఈసారి పైగీతలు ఎడంగా పోతాయి. కాబట్టి ఇనుము పైన వుండాలి.

ఊచలు కట్టినవాళ్లు వాటిని పైనే కట్టారు. స్లాబు పోసే రోజున తట్టలు మోసేవాళ్లు వాటిమీదుగా నడిచారు. కింద ఊతంగా కుర్చీలు లేవు. మేమంతా ఇనుప కుర్చీలు అనేది వంచిన ఊచ ముక్కలను, పై ఊచలు దిగకుండా నిలబెట్టేవి. అవి లేక, ఊచలు అడుగుకు దిగిపోయాయి. స్లాబు మందం అయిదంగుళాలు. ఊచ సరైన చోట వుంటే అది అడుగునుంచి నాలుగంగుళాల ఎత్తున వుండేది. ఒక్క అంగుళం దిగితే బలంలో నాలుగోవంతుకు పైగా పోతుంది. పూర్తిగా అడుగుకు దిగితే నాలుగోవంతు కూడా మిగలదు. మరి ఆపులు తీశాక ఎలా నిలిచింది అంటారా? తన బరువు వరకూ కాంక్రీటు ఒంటరిగానే ఎలాగో ఓర్చుకుంది. పిట్టగోడ బరువు వచ్చి కొసన కూర్చునేసరికి పైవైపు చిట్లింది. చిట్లాక ఆదుకోవలసిన ఇనుము అక్కడ లేదు.

కనుక బాల్కనీ, సన్‌షేడు పోసేటప్పుడు మూడు చూసుకోండి. పై ఊచల కింద కుర్చీలున్నాయా? నడిచేందుకు ఊచలమీద కాకుండా పలకలు వేశారా? ఆ ఊచలు గది స్లాబులోకి, బయటికి వచ్చిన దానికి కనీసం ఒకటిన్నర రెట్లు పోయాయా? పోసేముందు ఒక స్కేలు పట్టుకుని, కింది చెక్కనుంచి ఊచ దాకా కొలవండి. అడగడానికి మొహమాటపడకండి. పోశాక ఎవరికీ కనబడదు.

కట్టిన ఇంట్లో అయితే, బాల్కనీ పైన గది గోడ వెంబడే పగులు వుందేమో చూడండి. అది పూతలో పగులు అని సున్నం పూసి ఊరుకోకండి. దానికింద ఆపులు పెట్టించి ఇంజనీరుకు చూపించండి. స్లాబు కింద ఊచ వెంబడే గోధుమరంగు చార, ఉబ్బిన పూత, కర్రతో తడితే డొల్ల చప్పుడు వుంటే, లోపల తుప్పు మొదలైందన్నమాట. పైపూత కాదు, తుప్పు గీకి బాగుచెయ్యాలి.

మా ఆడపడుచు ఆ బాల్కనీ పూర్తిగా పడగొట్టించి మళ్లీ పోయించింది. ఈసారి పిల్లల స్కేలు చేతబట్టుకుని తనే నిలబడింది. ఊచ రెండుచోట్ల దిగిందని పని ఆపించి కుర్చీలు పెట్టించింది. ఇప్పుడు ఆ బాల్కనీలోనే వడియాలు ఎండబెడుతోంది.