ఎమ్.హెచ్.సి. అణువులు: రెండు తరగతులు, రెండు విధులు

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మన ఊపిరితిత్తులలోని ఒక కణంలో ప్రవేశించిందనుకొందాము. టి కణాలు ఆ కణం లోపలికి చూడజాలవు. కణం ఉపరితలంపై ఎమ్.హెచ్.సి. అణువు పట్టి చూపే ప్రొటీన్ తునకనే అవి గుర్తింపగలవు.

వైరస్ ప్రొటీన్లు ఆ కణంలోనే తయారగుచున్నవి. వానిని ప్రోటియాసోమ్ ముక్కలు చేయగా, టాప్ అనే వాహకం ఆ ముక్కలను అంతర్జీవద్రవ్యజాలంలోనికి చేరుస్తుంది. అచ్చట ఒకటవ తరగతి అణువు సాధారణంగా 8 నుండి 10 అమైనో ఆమ్లాల తునకను గ్రహించి పైకి వస్తుంది. దానిని గుర్తించిన సిడి8 టి కణం ఆ రోగగ్రస్త కణాన్ని వధిస్తుంది. ఏ కణమైనను వైరస్ పాలు కావచ్చును గనుక, కేంద్రకమున్న కణాలన్నింటిపై దాదాపుగా ఈ తరగతి ఉంటుంది.

డెండ్రైటిక్ కణం బయటినుండి మ్రింగిన వైరస్ సంగతి వేరు. అది ఆమ్లపు సంచిలో జీర్ణమై, సుమారు 13 నుండి 25 అమైనో ఆమ్లాల తునకగా రెండవ తరగతి అణువుపై సిడి4 టి కణానికి కనబడుతుంది. మ్రింగిన కణం రోగి కాదు. దానిని చంపవలసిన పనిలేదు. మేల్కొన్న సిడి4 కణం, అదే తునకను చూపు బి కణానికి తోడ్పడి, ప్రతిదేహాల ఉత్పత్తికి పురికొల్పుతుంది.

ఈ ఏర్పాటును వంచించు వైరస్‌లు లేకపోలేదు. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ టాప్ వాహకాన్ని అడ్డగిస్తుంది. ఒకటవ తరగతి అణువులు పైకి రావు; సిడి8 కణాలు మోసపోతాయి. అయితే ఆ అణువులు లోపించుటయే సహజ హంతక కణాలకు ఆనవాలవుతుంది.