బాల్కనీలో కంపోస్ట్ బకెట్: వాసన వస్తే ఏం చేయాలి? ఈగలు వస్తే ఏం చేయాలి?



వంటింటి తొక్కలతో ఎరువు చేద్దామని మొదలుపెట్టిన ఇళ్లలో ఆ పని ఆగిపోయేది ఎక్కువగా రెండో వారంలో. బకెట్ మూత తీయగానే గుప్పున వాసన, దాని చుట్టూ చిన్న ఈగలు, పక్క ఫ్లాట్ వాళ్ల నుంచి ఒక మాట. అంతటితో బకెట్ చెత్తబండిలోకి వెళ్లిపోతుంది. నిజానికి ఈ రెండు ఇబ్బందులకూ చాలావరకు కారణం ఒక్కటే: తడి ఎక్కువ, పొడి తక్కువ.

కూరగాయల తొక్కల్లో అధిక భాగం నీరే. అవి కుళ్లి మెత్తబడితే ఒకదానికొకటి అతుక్కుని మధ్యలోకి గాలి వెళ్లదు. గాలి ఉన్నచోట పనిచేసే సూక్ష్మజీవులు మట్టివాసన ఇస్తాయి. గాలి లేని చోట పెరిగేవి కుళ్లిన గుడ్డు వాసన ఇస్తాయి. అందుకే ఎండుటాకులో, కొబ్బరి పొట్టో (నర్సరీల్లో కోకోపీట్ ఇటుకలుగా దొరుకుతుంది) ముందే సిద్ధం చేసుకున్న తర్వాతే బకెట్ కొనండి. చించిన న్యూస్‌పేపరు, గుడ్ల అట్టలు కూడా పనికొస్తాయి. వడ్రంగి దుకాణం నుంచి రంపపు పొట్టు తెచ్చుకోవచ్చు కానీ, ప్లైవుడ్ కోసిన పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.

నలుగురున్న ఇంట్లో రోజుకు అరకిలో వరకు తొక్కలు వస్తాయనుకుందాం. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ బాగా కడిగి, పక్కలా అడుగునా చిన్న రంధ్రాలు చేయించండి. కింద ఒక పళ్లెం పెట్టండి. అడుగున నాలుగు వేళ్ల మందం పొడి పదార్థం పరవండి. తొక్కలను చిన్న ముక్కలు చేసి వేసి, ప్రతిసారీ వాటి పరిమాణానికి సమానంగా పొడి పదార్థం పైన కప్పండి. తొక్క ఒక్కటి కూడా పైకి కనిపించకూడదు. మొదటి వారంలో ఒక గుప్పెడు పాత ఎరువు గానీ తోట మట్టి గానీ కలిపితే పని త్వరగా మొదలవుతుంది. రెండు మూడు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కలిపి, పైన మళ్లీ పొడి పొర వేయండి. బకెట్ మూడు నాలుగు వారాల్లో నిండుతుంది. నిండినదాన్ని నీడలో పక్కన పెట్టి, వారానికోసారి కలుపుతూ మరో ఆరు వారాలు ఉంచాలి. కాబట్టి ఒక్క బకెట్ సరిపోదు, మూడు కావాలి.

చేప, మాంసం, ఎముకలు, పెరుగు, నూనె కూరలు, పచ్చళ్లు ఈ బకెట్‌లో వేయకండి. మిగిలిన అన్నం కూడా వద్దు, ముద్దకట్టి పులుస్తుంది. టీపొడిని పాలు, చక్కెర పోయేలా కడిగి వేయండి. మామిడి టెంకలు ఇంత చిన్న బకెట్‌లో త్వరగా చివకవు, వాటిని విడిగా పారేయడమే మేలు.

ఇప్పుడు వేసవిలో తరచుగా జరిగేది చూద్దాం. ఆదివారం ఒక పుచ్చకాయ కోశారు, తొక్కలన్నీ ఒకేసారి బకెట్‌లో వేశారు. మంగళవారానికి పళ్లెంలో నల్లటి నీరు, మూత తీస్తే మురుగు వాసన. అప్పుడు పిడికిలి పరీక్ష చేయండి. లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి (చేతికి తొడుగు వేసుకుని, మీ పిల్లలకూ ఈ పని అప్పగించవచ్చు). నీరు ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉంది. పొడిపొడిగా రాలిపోతే కొంచెం నీళ్లు చిలకరించాలి. ధార కారిందా, బకెట్‌ను పాత పేపర్ల మీద బోర్లించి, ముద్దలు విడగొట్టి, దాదాపు అంతే పరిమాణంలో ఎండుటాకులు కలిపి తిరిగి నింపండి. రెండు రోజులు మూత బదులు పలుచని గుడ్డ కట్టండి. కొత్త తొక్కలు వేయకండి. వాసన సాధారణంగా ఆ రెండు మూడు రోజుల్లోనే తగ్గుతుంది. వాసన కుళ్లుగా కాకుండా ముక్కుకు ఘాటుగా, అమ్మోనియాలా ఉంటే ఆకుకూరల వ్యర్థాలు ఎక్కువయ్యాయని అర్థం. దానికీ మందు ఎండుటాకులే.

ఆవగింజకంటే కాస్త పెద్దవైన చిన్న ఈగలు బయటి నుంచే రానక్కర్లేదు. పండు తొక్కల మీద వాటి గుడ్లు ముందే ఉంటాయి, ముఖ్యంగా అరటి తొక్కల మీద. ఆ తొక్కలను ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి వేస్తే గుడ్లు చాలావరకు చచ్చిపోతాయి. ఈగలు అప్పటికే ఉంటే రెండంగుళాల పొడి పొర వేసి వారం పాటు కదపకండి. పురుగుమందు కొట్టవద్దు, ఎరువు చేసే జీవులు కూడా పోతాయి.

లావుగా, బూడిద-గోధుమ రంగులో పురుగులు కనిపిస్తే కంగారు పడకండి. అవి ఎక్కువగా బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు. తొక్కలను చాలా వేగంగా తినేస్తాయి, మనుషులను కుట్టవు, కరవవు. అవి రావడం కూడా తడి ఎక్కువైందనడానికి గుర్తే, పొడి పెంచితే తగ్గుతాయి. తెల్లటి బూజు మాత్రం మంచిదే, అలాగే వదిలేయండి.

ముదురు గోధుమ రంగులో, వాన పడిన మట్టి వాసనతో, తొక్కలు గుర్తుపట్టలేనంతగా మారాక ఎరువు సిద్ధమైనట్టు. జల్లించి, ఒక వంతు ఎరువుకు మూడు వంతుల మట్టి కలిపి కుండీల్లో వేయండి. జల్లెడలో మిగిలిన పెచ్చులను తర్వాతి బకెట్ అడుగున వేసుకోవచ్చు.