ఓడ కిరాయి కొటేషన్: కింది గీతల్లోనే అసలు రేటు

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు 40 అడుగుల కంటైనర్‌ను విశాఖ నుంచి రోటర్‌డామ్ పంపాలనుకున్నారనుకుందాం. జూలై 20న ఇద్దరు ఫార్వర్డర్లు కొటేషన్లు ఇచ్చారు. మొదటాయన ఓషన్ ఫ్రైట్ 1,500 డాలర్లన్నారు. రెండో ఆయన అన్నీ కలిపి ‘ఆల్ ఇన్’ 1,850 అన్నారు, ఆగస్టు 15 లోపు ఓడ ఎక్కే సరుకుకు. లెక్క తేలికగా ఉండటానికి వేసుకున్న అంకెలివి. పైపైన చూస్తే మొదటిదే చవక.

దాని కింద ‘బీఏఎఫ్ టీఈయూకి 160’ అని ఉంది. ఇది ఇంధన ఛార్జీ. చమురు ధర కదిలినప్పుడల్లా ఫ్రైట్‌ను తిరగరాయకుండా, చాలా షిప్పింగ్ లైన్లు దీన్ని మూడు నెలలకోసారి సవరిస్తాయి. ఇక్కడ అంకె కన్నా దాని పక్కనున్న మాట ముఖ్యం. టీఈయూ అంటే 20 అడుగుల కంటైనర్ లెక్క. 40 అడుగులది రెండు టీఈయూల కింద వస్తుంది కాబట్టి 160 కాదు, 320 కట్టాలి. మొత్తం 1,820. ఇప్పటికీ 30 డాలర్లు తక్కువే.

తర్వాతి గీత: ‘పీఎస్ఎస్ 300, ఆగస్టు 1 నుంచి’. క్రిస్మస్ అమ్మకాల సరుకు యూరప్, అమెరికా దుకాణాలకు ముందే చేరాలి కాబట్టి జూలై నుంచే ఓడల్లో చోటుకు గిరాకీ పెరుగుతుంది. అప్పుడు వేసేదే ఈ సీజన్ ఛార్జీ. మన వ్యాపారి జూలై 28 ఓడకే బుక్ చేసుకున్నారు. కానీ చోటు చాలక లైన్ వాళ్లు కంటైనర్‌ను ఆగస్టు 4 ఓడకు నెట్టారు. దీన్ని రోల్ ఓవర్ అంటారు. ఆలస్యంలో ఆయన తప్పేమీ లేకపోయినా, ఛార్జీ ఓడ ఎక్కిన తేదీని బట్టి పడేదైతే బిల్లు 2,120 అవుతుంది. 1,850 కొటేషనే 270 డాలర్లు లాభం. అందుకే ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటారు, కంటైనర్ రేవు గేటు దాటిన రోజా, ఓడ ఎక్కిన రోజా అని ముందే అడిగి రాయించుకోవాలి. నా దృష్టిలో రేటు మీద బేరం కన్నా ఈ ప్రశ్నే విలువైనది.

చివర్లో ‘కంజెషన్ ఛార్జీ ఉంటే అదనం’ అని అంకె లేకుండా ఉంటుంది. రేవు కిక్కిరిసి ఓడలు బయట వేచి ఉన్నప్పుడు, ఆ ఖర్చుకు లైన్లు వేసే ఛార్జీ ఇది. ఏ రేవుకు, ఎంత, ఎప్పటి నుంచి అన్నది లైన్ ప్రకటనలో ఉంటుంది. ఆ కాపీ అడగండి. మధ్యలో కొలంబోలో ఓడ మారేట్లయితే ఆ రేవు సంగతీ అడగాలి.

‘ఆల్ ఇన్’లోనూ అన్నీ ఉండకపోవచ్చు. విశాఖలో టెర్మినల్ ఛార్జీ, డాక్యుమెంట్ ఛార్జీ తరచూ విడిగా రూపాయల్లో పడతాయి. ఎఫ్‌ఓబీ అమ్మకంలో ఓడ కిరాయి కొనుగోలుదారుది. సీఎఫ్‌ఆర్ అయితే సరుకు ధరలోనే కిరాయి కలిపి చెప్పేస్తారు. తర్వాత పడిన ఆ 300 విదేశీ కొనుగోలుదారు ఇవ్వరు, మిర్చి మీద వచ్చే లాభంలోంచే పోతుంది.