పేరు గడి ఖాళీగా ఉంటే

అమెరికాలో ఉన్న కొడుకు తల్లికి గ్రీన్‌కార్డు పెట్టాడు. ఆమె జనన ధ్రువపత్రం 1962 నాటిది, తెలుగు చేతిరాత. ఇలాంటి కాగితంతో వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "నోటరీ ముద్ర ఉంటుందా అండీ?"

అమెరికా వలస శాఖకు అది అక్కర్లేదు. అనువాదం సంపూర్ణంగా, సరిగ్గా ఉందనీ, ఈ రెండు భాషల మధ్య అనువదించే సామర్థ్యం తనకుందనీ అనువాదకుడు రాసి సంతకం చేయాలి. కింద పేరు, చిరునామా, తేదీ వేస్తే చాలు. కెనడా దారి వేరు. అనువాదకుడికి అక్కడివారు ఒప్పుకునే గుర్తింపు లేకపోతే ప్రమాణపత్రం జతచేయాలి, కుటుంబ సభ్యులు అనువదించకూడదు. అందుకే ఏ దేశానికో అడగకుండా నేను పని మొదలుపెట్టను.

సంపూర్ణం అంటే ముద్రలోని అక్షరాలు, వెనక వైపు రాత కూడా. చదవలేని చోట 'చదవడానికి వీలులేదు' అని రాయాలి, ఊహించకూడదు. 07-03-1962ని అలాగే దించితే అమెరికాలో జులై 3 అనుకుంటారు, కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాస్తాను.

అసలు చిక్కు పేరు దగ్గర. పాత రిజిస్టర్లలో చాలాసార్లు బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, తండ్రి పేరు మాత్రమే ఉంటుంది. "పాస్‌పోర్టులో ఉన్న పేరు వేసేయండి" అంటారు. వేయను. ఖాళీ అనే రాస్తాను. పేరు చేర్చే అధికారం రిజిస్ట్రారుదే. పుట్టింటి పేరున్నచోట మెట్టింటి పేరు పెట్టడమూ అంతే తప్పు. స్పెల్లింగు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాస్తాను.

రేటు విషయంలో మొదట్లో నష్టపోయాను. ఆరు పేజీల చేతిరాత దస్తావేజుకు పేజీకి 500 చొప్పున 3,000 తీసుకున్నాను. హద్దులు, సర్వే నంబర్లు, గుంటలు అన్నీ విప్పి రాస్తే ఇంగ్లీషులో 2,250 మాటలు తేలాయి. తెలుగులో ఒక్క మాటలో ఇమిడేది ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలవుతుంది. ఇప్పుడు ఇంగ్లీషు ప్రతిలో 250 మాటలను ఒక పేజీగా లెక్కగడతాను. ఆ లెక్కన అది తొమ్మిది పేజీలు, 4,500 రూపాయలు. జనన ధ్రువపత్రం ఎంత చిన్నదైనా ఒక పేజీ కిందే లెక్క.

గ్రీన్‌కార్డు కుటుంబం మళ్లీ రాదు. మళ్లీ మళ్లీ వచ్చేది వాళ్లను పంపేవాళ్ల దగ్గర్నుంచి: వీసా కన్సల్టెంట్లు, న్యాయవాదులు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపు. పేర్లు, నంబర్లు చెరిపేసిన నమూనా ఒకటి వాళ్లకిచ్చి, ఎన్ని రోజుల్లో ఇస్తానో చెప్పి వస్తాను. నా తప్పయితే డబ్బు తీసుకోకుండా దిద్ది, మళ్లీ సంతకం చేసి ఇస్తాను. నాకు నెలనెలా వచ్చే పనిలో ఎక్కువ భాగం ఇలాంటి ముగ్గురు నలుగురి ద్వారానే వస్తోంది.